అద్దె కాగితంలో అడ్వాన్సు సంగతి

చిన్నీ,

పటమటలో ఫ్లాట్ ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. సొంత జీతంతో ఇల్లు తీసుకుంటున్నావు, నాకెంత సంతోషంగా ఉందో. కానీ అగ్రిమెంటు ఓనరుగారే రాయించి తెస్తారు, నేను సంతకం పెట్టడమే అన్నావట, అప్పటినుంచి ఒకటే టెన్షన్.

అద్దె ఎంత, ఏ తారీఖులోగా కట్టాలి, సాక్షులెవరు అన్నవి డాక్యుమెంట్ రైటర్ నమూనాలో ఎలాగూ ఉంటాయి, ఒకసారి సరిచూసుకో చాలు. నువ్వు పట్టుబట్టాల్సింది అడ్వాన్సు దగ్గర.

మీ పిన్ని గుంటూరు బ్రాడీపేటలో అద్దెకున్నప్పుడు 30,000 అడ్వాన్సు ఇచ్చింది. కాగితంలో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం: "రిపేర్లు, పెయింటింగ్ ఖర్చులు పోను మిగిలినది ఇవ్వబడును." వానాకాలంలో పై ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి నీళ్లు దిగి బెడ్‌రూమ్ గోడంతా చెమ్మెక్కింది. చెయ్యి ఆనిస్తే సున్నం పొడి అరచేతికి అంటుకొచ్చేది. ఫోన్ చేస్తే "చూద్దాంలే అమ్మా" అన్నారు, అంతే. ఖాళీ చేసే రోజు రంగులకు 12,000, ఆ గోడకు 9,500 పట్టుకుని 8,500 చేతిలో పెట్టారు. బిల్లులేవని అడిగితే ఆ వాక్యం చూపించారు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్ల బాధ్యత లేదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది, కానీ కాగితంలో ఇంకోలా రాసుకోకపోతేనే అది పనికొస్తుంది. పిన్ని సంతకం పెట్టింది ఆ ఇంకోలా ఉన్నదానికే. పిచ్చిపిల్ల, ఎన్నాళ్లు బాధపడిందో.

అందుకని ఈ మాటలు ఉన్నవున్నట్టు రాయించు: "తాళాలు ఇచ్చిన 7 రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. బాకీ ఉన్న అద్దె, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్, అద్దెకున్నవారు చేసిన నష్టం మాత్రమే, అదీ బిల్లు చూపించి, తగ్గించుకోవచ్చు. రంగు వెలవడం, చెమ్మ, పై అంతస్తు లీకేజీ యజమాని బాధ్యత." ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాల్సిందే అని ఓనరు పట్టుబడితే మొత్తం ఎంతో అంకె ఇప్పుడే రాయమను.

చేరేముందు ప్రతి గోడకీ, కుళాయికీ ఫొటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపు. తర్వాత ఏది పాడైనా ఫోన్‌లో చెప్పి ఊరుకోకు, మెసేజ్ పెట్టు. మొహమాటపడతావు, నాకు తెలుసు, చిన్నప్పుడు షాపులో చిల్లర తక్కువిచ్చినా అడిగేదానివి కాదు. ఇక్కడ మాత్రం కుదరదు.

మెయింటెనెన్స్ నెలనెలా కట్టేది నీది, లిఫ్టు మార్చడానికో బయట రంగులకో అసోసియేషన్ వసూలు చేసేది ఓనరుది, అది విడిగా రాయించు. నోటీసు ఇద్దరికీ ఒకేలా నెల రోజులు ఉండాలి, ఏ తారీఖున ఇస్తే ఆ తారీఖు నుంచే లెక్క అని కూడా ఉండాలి. లేకపోతే పదో తారీఖున చెప్పినా వచ్చే ఒకటి నుంచి లెక్కేసి ఇంకో ఇరవై రోజుల అద్దె అడుగుతారు.

స్టాంపు పేపరు మీద ఎక్కించకముందే డ్రాఫ్ట్ నాకు పంపు తల్లీ, ఏ రాత్రయినా సరే చదివి చెబుతాను.

మీ మామయ్య