అందరికీ అమ్మొద్దు లావణ్యా

రాయగడ

చిరంజీవి లావణ్యను మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు చోడిపిండి బ్రాండు పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన పేరుతో సరుకు అమ్మబోతోందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. అయితే నువ్వు రాసుకున్న కాగితం వాట్సాప్‌లో చూశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొలకల చోడిపిండి, బిస్కట్లు, లడ్డూలు, సామల రవ్వ, కొండ పసుపు, చింతపండు! ఎవరికి అమ్ముతావంటే చంటిపిల్లలు, షుగరు ఉన్నవాళ్లు, జిమ్ముకి వెళ్లేవాళ్లు, ముసలివాళ్లు. ఇంతమందికీ నచ్చేలా ఒక్క ప్యాకెట్టు మీద ఏం రాస్తావే?

ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించుకో, తయారీ తేదీ వెయ్యి, తూకంలో ఐదు గ్రాములు ఎక్కువే ఉండనీ. వీటి గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది మీ నాన్న చింతపండు వ్యాపారం సంగతి. నువ్వప్పటికి బాగా చిన్నదానివి.

ఈ చుట్టుపక్కల సంతలకి కొండల నుంచి చింతపండు ఎంత వస్తుందో నీకు తెలుసు. మీ నాన్న దాన్ని కొని, గింజా పీచూ తీయించి, శుభ్రంగా అరకిలో ప్యాకెట్లు కట్టేవాడు. పెంకు తీసిన చింతపండు కిలోలో గింజే సుమారు నాలుగు వందల గ్రాములు ఉంటుంది. గింజతో కిలో 60 రూపాయలకి కొన్నామనుకో, గింజ తీశాక చేతికొచ్చే గుజ్జు కిలో 100 రూపాయలు పడుతుంది. కూలి దాని మీద వేరే. ఇంటికి కొనుక్కునేవాళ్లకి ఆ ధర చెబితే ముఖం తిప్పుకుంటారు. విజయనగరం హోటళ్లవాళ్లు, పెళ్లి వంటలవాళ్లు అలా చూడరు. ఉదయం నాలుగింటికి పులుసు పెట్టాల్సినవాడికి గింజలు తీసే మనిషి దొరకడమే కష్టం. వాళ్లు మీ నాన్నతో బేరం ఆడేవాళ్లు కాదు, డబ్బు చేతిలో పెట్టి సరుకు తీసుకునేవాళ్లు.

అలా బాగా సాగుతుంటే ఎవరో కిరాణా కొట్లకి కూడా వెయ్యమన్నారు. కొట్లవాళ్లు ధర తగ్గించమన్నారు. వాళ్ల కోసం మీ నాన్న గింజ సగం మాత్రమే తీసిన రకం ఒకటి మొదలుపెట్టాడు. అంతవరకైనా ఫర్వాలేదు. దాన్ని కూడా అదే పేరుతో, అదే పచ్చ ప్యాకెట్టులో అమ్మాడు. ఒకసారి ఆ ప్యాకెట్లు కలిసిపోయి హోటళ్లకి వెళ్లాయి. గుజ్జులో గింజలు పడి ఒకచోట గ్రైండరు ఆగిపోయింది. ఆ హోటలాయన తిట్టలేదు కూడా. ఇక ప్రతి ప్యాకెట్టూ విప్పి చూసుకోవాలంటే నీ దగ్గర ఎందుకు కొనాలి బాబూ అన్నాడట. వాళ్లు ఒక్కొక్కరే ఆపేశారు. కొట్లవాళ్లేమో దసరా అయ్యాక ఇస్తాం, సంక్రాంతికి ఇస్తాం అంటూ అరువు సాగదీశారు. మీ అమ్మ గాజులు తాకట్టులోకి వెళ్లింది అప్పుడే.

నాన్నని ఇప్పుడేమీ అడక్కు. సరుకు కొనడంలో వాడిని మించినవాళ్లు లేరు. చెట్టు చూసి పులుపు చెప్పేవాడు. రెండో రకం కొనేవాళ్ల కోసం మొదటి రకం కొనేవాళ్లని వదులుకుంటున్నానని మాత్రం వాడికి తట్టలేదు. నాకిప్పుడు ఆ భయమే.

అందుకే చెబుతున్నాను, ఆ కాగితంలో మొలకల చోడిపిండి ఒక్కటి ఉంచు, మిగతావి కొట్టెయ్యి. ఇక అది ఎవరికి అమ్మాలో చూద్దాం. రాయగడలో వద్దు. ఇక్కడ చోళ్లు పండించుకునేవాళ్లు, సంతలో కొనుక్కుని మరపట్టించుకునేవాళ్లు ఉన్నారు. మూడింతల ధర పెట్టి నీ దగ్గర ఎందుకు కొంటారు? చోడి ఎప్పుడూ తాగనివాళ్లూ వద్దు. అది ఏమిటో, ఎలా కాచాలో నేర్పడానికే నీ డబ్బూ ఓపికా అయిపోతాయి. చిన్నప్పుడు అంబలి తాగి పెరిగి, ఇప్పుడు విశాఖపట్నంలో అపార్టుమెంట్లలో ఉంటున్న మనవాళ్లున్నారు చూడు, పొద్దున్నే ఇద్దరూ డ్యూటీలకి పరిగెత్తేవాళ్లు, వాళ్లని పట్టుకో. వాళ్లకి రుచి తెలుసు. చోళ్లు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఆరబెట్టడానికి చోటూ లేదు, తీరికా లేదు. నువ్వు అమ్మేది ఆ పనిని. ఇక్కణ్ణుంచి రైల్లో పార్వతీపురం, బొబ్బిలి మీదుగా సరుకు అదే రోజు చేరుతుంది.

వాళ్లు మామూలు పిండికీ నీ పిండికీ తేడా నోటితోనే చెప్పేస్తారు. మొలకెత్తినప్పుడు గింజలోని పిండి పదార్థం కొంత విరిగిపోతుంది. అందుకే అంబలి ఉండకట్టకుండా జారుగా ఉంటుంది, కాస్త తియ్యదనం వస్తుంది. ఎండాక గింజల్ని రెండు అరచేతుల మధ్య నలిపి చూడు. సన్నటి తోకలన్నీ రాలిపోవాలి, చేటలో వేసి చెరిగెయ్యాలి. అవి ఉండిపోతే చేదు తగులుతుంది. వానాకాలంలో మన దగ్గర ఎండవు, ముక్కవాసన పడతాయి. ఆ నెలల్లో సరుకు లేదని చెప్పు. బయటి పిండి కొని నీ ప్యాకెట్టులో పోయకు.

చంటిపిల్లల మాట ఎత్తకు, తల్లీ. రెండేళ్లలోపు పిల్లల ఆహారాన్ని ప్రచారం చేసి అమ్మకూడదని 1992 నాటి చట్టం ఉంది. నీ ప్యాకెట్టు మీద పాపాయి బొమ్మే వద్దు. షుగరు తగ్గిస్తుందని రాయడమూ అంతే, తిండి సరుకు రోగం నయం చేస్తుందని చెప్పుకోవడానికి వీల్లేదు. పైగా జారుగా కాచిన మొలకల అంబలి షుగరు ఉన్నవాళ్లకి మంచిదని నేనైతే అనలేను. ఎవరో నీ మాట నమ్మి మాత్రలు మానేస్తే ఆ పాపం మనకొద్దు.

ఇంత కొద్దిమందితో బండి నడుస్తుందా అంటావు. లెక్క వేసి చూడు. గ్లాసు అంబలికి పాతిక గ్రాముల పిండి పడుతుంది. మొగుడూ పెళ్లాం రోజూ తాగితే అరకిలో పది రోజులు. ఆదివారాలూ, ఊరెళ్లే రోజులూ తీసేసి ఇంటికి నెలకి రెండు ప్యాకెట్లు అనుకో. నలభై ఇళ్లు ఉంటే నలభై కిలోలు. ఇంట్లో నువ్వూ అమ్మా ఎండబెట్టుకోగలిగింది అంతే. ఆ నలభై ఇళ్లు దొరికేదాకా నలభై ఒకటో ఇంటి గురించి ఆలోచించకు.

ప్రతి ఇంటికీ ఇచ్చిన తేదీ నోటు పుస్తకంలో రాసుకో. మొదటిసారి చుట్టరికానికి కొంటారు, అది లెక్కలోకి రాదు. నువ్వు ఫోన్ చెయ్యకుండా మూడు వారాల్లోపు రెండో ప్యాకెట్టు అడిగారా లేదా, అదే చూడు. అడగనివాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు డబ్బా మూత తీసి చూడు. పిండి అలాగే ఉంటే వాళ్లు నీ మనుషులు కారు. అయిపోయి కూడా అడగలేదంటే ధరో రుచో ఏదో అడ్డం వచ్చింది, మొహమాటపడకుండా అడుగు. సగంమంది కూడా తిరిగి అడగకపోతే మనుషుల్నే తప్పుగా ఎంచుకున్నామని అర్థం, అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం.

కొత్త చోళ్లు సంతకి రాగానే యాభై కిలోలు నేనే కొని ఉంచుతాను, డబ్బు మాట ఎత్తకు. కిరాణా కొట్టువాళ్లు ఎవరైనా అరువుకి వెయ్యమంటే, మా అత్తనడగాలి అని చెప్పు. ఆ సమాధానం నేను చెప్పుకుంటాను.

మీ అత్త