ఏడాది తర్వాత అందాల్సిన ఉత్తరం రాకపోతే

ప్రశ్న: "నిరుడు ఉగాదికి నాకు నేనే జీమెయిల్‌లో ఉత్తరం రాసి, ఈ ఉగాదికి అందేలా పెట్టాను. మధ్యలో ఒకసారి తెరిచి రెండు వాక్యాలు దిద్దాను. పండుగ వెళ్లిపోయింది, ఉత్తరం రాలేదు. పోయినట్టేనా?"

సమాధానం: పోలేదనే అనుకుంటున్నానండి. చిక్కు ఆ దిద్దుబాటులోనే ఉంది. వాయిదా వేసిన ఉత్తరాన్ని మార్చాలంటే ముందు `Cancel send` నొక్కాలి. నొక్కగానే పాత తేదీ రద్దయి, ఉత్తరం `Scheduled` నుంచి `Drafts` లోకి వెళ్తుంది. మార్చాక `Schedule send` లో తేదీ మళ్లీ ఇవ్వకపోతే అక్కడే ఉండిపోతుంది. ముందు `Drafts` లో వెతకండి.

నాకూ ఇలాగే జరిగింది. భయాల గురించి రాసిన పేరా చదివి సిగ్గేసి, మెత్తగా మారుద్దామని తెరిచాను. నిజానికి ఆ పేరాయే పనికొచ్చేది! ఇప్పుడు "అప్పు తీరదేమోనని భయం" అని ఊరుకోను. "బాకీ 2,10,000, వచ్చే ఉగాదికి లక్షలోపు దించాలి, నాన్న మందుల ఖర్చు పెరిగితే కుదరదని భయం" అని రాస్తాను. ఏడాది తర్వాత ఆ భయం నిజమైందో కాదో అంకె చూస్తే తెలిసిపోతుంది.

కొత్త మాట తోస్తే పాతది తెరవకుండా, అదే తేదీకి రెండో ఉత్తరం పెట్టండి. ఆఫీసు చిరునామాకు మాత్రం వద్దు, ఉద్యోగం మారితే అదీ పోతుంది.