పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి, డీఆర్ తక్కువ పడుతోందా? అర్జీ ఇలా రాయి

ఒంగోలు

తమ్ముడూ,

రిటైరై ఆరు నెలలైనా పెన్షన్ లెక్క తేలలేదని ఫోన్లో అన్నావు. నాకూ అదే జరిగింది. మొదట నేను రాసిన అర్జీలో రెండు పేజీల బాధ ఉంది, లెక్క ఒక్క ముక్క లేదు. గుమాస్తా పైన రెండు వరసలు చదివి ఫైల్ కింద పెట్టేశాడు. లెక్కల మాస్టారినై ఉండి ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ముందు పీపీఓ, అదే పెన్షన్ మంజూరు పత్రం, తియ్యి. నా దాంట్లో బేసిక్ పెన్షన్ 31,460. అందులో 40 శాతం, అంటే 12,584 కమ్యుటేషన్ కింద అమ్ముకుని, ఆ డబ్బు ముందే ఒకేసారి తీసుకున్నాను. చేతికొచ్చే బేసిక్ 18,876. ఇక్కడే మెలిక ఉంది. కమ్యుటేషన్ కోత బేసిక్‌కే గానీ డీఆర్‌కు కాదు. డీఆర్ ఎప్పుడూ కోతకు ముందున్న పూర్తి పెన్షన్ మీదే కట్టాలి. నాకేమో మిగిలిన 18,876 మీద కట్టారు.

దాన్ని పట్టుకోవడం సులువే. స్లిప్పులో డీఆర్ 6,356 అని ఉంది, అప్పటి రేటు 33.67 శాతం. 6,356ను వందతో హెచ్చించి 33.67తో భాగిస్తే రమారమి 18,877 వచ్చింది. రావలసింది 31,460. తప్పు ఎక్కడుందో ఆ భాగహారమే చెప్పేసింది.

రెండోసారి అర్జీలో ఇంతే రాశాను:

"అయ్యా, నా పీపీఓ ప్రకారం పూర్తి పెన్షన్ రూ.31,460. దీనిమీద 33.67 శాతం డీఆర్ రూ.10,593. నాకు ఇస్తున్నది రూ.6,356. నెలకు తేడా రూ.4,237. ఏడు నెలలకు రూ.29,659. వచ్చే నెల నుంచి డీఆర్ సరిచేసి, ఈ బకాయి ఇప్పించగలరు. పీపీఓ, ఏడు స్లిప్పుల జిరాక్స్‌లు జతచేశాను."

ఆ ఏడు నెలలూ రేటు మారలేదు కాబట్టి ఒకే గుణకారంతో సరిపోయింది. నీకు మధ్యలో రేటు మారి ఉంటే, మారిన నెల దగ్గర గీత కొట్టి కింద వేరే లెక్క వెయ్యి. రెండూ కలిపేస్తే వాళ్లకు తేడా అంతు చిక్కదు, మళ్లీ తిప్పి పంపుతారు.

అర్జీ ఎవరికివ్వాలో కూడా చూసుకో. పీపీఓలో బేసిక్ సరిగ్గానే ఉండి స్లిప్పులో డీఆర్ తప్పితే అది ట్రెజరీ పని. పీపీఓలోని బేసిక్కే తప్పయితే ట్రెజరీ వాళ్లు దాన్ని దిద్దలేరు. నీ పెన్షన్ కాగితాలు పంపిన ఆఫీసు ద్వారా, పీపీఓ ఇచ్చిన వాళ్లకే వెళ్లాలి. నేను తెలియక రెండుచోట్లా ఇచ్చి, నెల రోజులు ఊరికే తిరిగాను.

రెండు కాపీలు తీసుకెళ్లి, నీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. "తర్వాత వేస్తాం లెండి" అంటే అక్కడే బల్ల మీద కూర్చో. నేను మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, టీ కూడా వాళ్లే ఇప్పించారు.

ఆదివారం స్లిప్పులన్నీ పట్టుకుని రా. లెక్క ఇక్కడే వేద్దాం.

మీ అన్న