రెండు వేల లీటర్ల ట్యాంకు స్లాబు మీద మోపే బరువు

ప్రశ్న: మాది ఒంగోలులో పాత మిద్దె ఇల్లు. పైన రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టాలనుకుంటున్నాము. నీళ్లు, ట్యాంకు, స్టాండు అన్నీ కలిపితే స్లాబు మీద చదరపు అడుగుకు ఎంత బరువు పడుతుంది? స్లాబు తట్టుకుంటుందా?

ఇటుక కాళ్లు కట్టి, వాటి మీద కాంక్రీటు పలక పోసి ట్యాంకు పెడితే చదరపు అడుగుకు సుమారు 116 కిలోలు పడుతుంది. మనుషులు ఎక్కి తిరగడానికి, బట్టలు ఆరేసుకోవడానికి ఇంటి పైకప్పుకు లెక్కలో వేసే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు మాత్రమే. కాబట్టి గది నడిమధ్యన పెట్టే ఉద్దేశమైతే వద్దనే చెబుతాను. గోడల మీద కూర్చోబెట్టగలిగితే ఇదే ట్యాంకు ఎంతకాలమైనా నిశ్చింతగా ఉంటుంది. నేను చాలాకాలంగా ఇళ్ల కట్టుబడి పనులు చూస్తున్నాను. ఈ మాట కావలిలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో కళ్లారా చూసి చెబుతున్నది.

ఆ అన్న ఇల్లు గోడల మీద స్లాబు వేసినది. నడిమి గది పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, స్లాబు మందం ఐదు అంగుళాలు. వాళ్ల వీధికి కుళాయి నీళ్లు రోజూ రావు కనుక ఉన్న చిన్న ట్యాంకు చాలక రెండు వేల లీటర్లది తెచ్చారు. బోరు గొట్టం ఎటు దగ్గరైతే అటు ట్యాంకు పెట్టించడం ప్లంబర్లకు అలవాటు. నాలుగు గజాల గొట్టం మిగులుతుందని స్లాబు నడిమిన బరువు దించే ఈ పద్ధతి చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అన్న ఇంట్లోనూ అదే జరిగింది: నాలుగు ఇటుక కాళ్లు సరిగ్గా గది మధ్యకే వచ్చాయి.

కొన్నేళ్లకు ఫ్యాను కొక్కెం చుట్టూ నెర్రెలు వచ్చాయని వదిన ఫోను చేసింది. నేను ముందుగా పైకి ఎక్కి చూశాను. వాన పడి వెలిసిన మరునాడు మిద్దె అంతా ఆరిపోయినా స్టాండు కాళ్ల చుట్టూ మాత్రం నీళ్లు నిలిచి ఉన్నాయి. స్లాబు వంగిందనడానికి అంతకన్న తేలికైన ఆనవాలు లేదు. తరువాత గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పైకప్పును ఆనించి దారం బిగువుగా కట్టించి చూస్తే, నడుమ స్లాబు దారాన్ని ముప్పావు అంగుళం కిందికి తోస్తున్నది. సెంట్రింగు నాడే కొంత వంపు ఉండి ఉండవచ్చునని పక్కనున్న అదే కొలత గదిలోనూ దారం కట్టించాను. అక్కడ పావు అంగుళమే ఉంది. పన్నెండు అడుగుల గదికి మొత్తం వంపు సుమారు 15 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళానికి కొంచెం పైన, దాటకూడదు. పొడవును 250తో భాగిస్తే ఆ హద్దు వస్తుంది.

ఇక బరువు లెక్క. నీటి సంగతి తేలిక: లీటరుకు కిలో కనుక రెండు వేల కిలోలు. ఆ ట్యాంకు అడ్డకొలత నాలుగున్నర అడుగులు, అడుగుభాగం దాదాపు 16 చదరపు అడుగులు. దాని అడుగున నీళ్లు మోపే బరువు చదరపు అడుగుకు సుమారు 125 కిలోలు. ట్యాంకు ఏ కంపెనీదైనా ఇక్కడ ఒకటే సూత్రం పనిచేస్తుంది. ఒక ఘనపుటడుగు నీరు 28.3 కిలోలు తూగుతుంది కనుక నీటి లోతును అడుగుల్లో కొలిచి 28.3తో గుణిస్తే చాలు. పొట్టిగా, వెడల్పుగా ఉన్న ట్యాంకు చదరపు అడుగుకు తక్కువ బరువు మోపుతుంది, పొడుగుది ఎక్కువ మోపుతుంది. ప్లాస్టిక్ ట్యాంకు సొంత బరువు మహా అయితే 60 కిలోలు. దాన్ని గురించి దిగులు పడనక్కరలేదు.

చాలామంది మరిచేది స్టాండు బరువు. ఆ ఇంట్లో కాళ్లు తొమ్మిది అంగుళాల చదరంతో, రెండడుగుల ఎత్తున కట్టారు. ఘనపుటడుగు ఇటుక కట్టుబడిని 55 కిలోలుగా తీసుకుంటే నాలుగు కాళ్లూ కలిసి దాదాపు 250 కిలోలు. వాటి మీద ఐదడుగుల చదరంగా, నాలుగు అంగుళాల మందంతో పోసిన కాంక్రీటు పలక మరో 590 కిలోలు. నీళ్లు 2000, ట్యాంకు 60, స్టాండు 840. మొత్తం 2,900 కిలోలు. పలక పరపు 25 చదరపు అడుగులు కనుక మొదట చెప్పిన 116 కిలోలు అలా వచ్చాయి. షవరులో నీళ్లు గట్టిగా రావాలని స్టాండును ఇంకా లేపమనేవారు ఉంటారు. అలా లేపే ప్రతి అడుగుకూ నాలుగు కాళ్ల మీద 125 కిలోలు పెరుగుతాయని వారికి ఎవరూ చెప్పరు.

అయితే చదరపు అడుగు లెక్క దేనితో భాగిస్తున్నామన్న దాన్ని బట్టి మారిపోతుంది, నా అభ్యంతరమంతా అక్కడే. ఇవే 2,900 కిలోలను నాలుగు కాళ్లు ఆనిన చోటుతో, అంటే రెండుంపావు చదరపు అడుగులతో భాగిస్తే దాదాపు 1,290 కిలోలు వస్తుంది. గది మొత్తంతో, అంటే 144 చదరపు అడుగులతో భాగిస్తే 20 కిలోలే వస్తుంది. మొదటిది చూసి స్లాబుకు చిల్లు పడుతుందని భయపడేవారూ, రెండోది చూసి ఇంతేనా అని ధీమా పడేవారూ ఉన్నారు. ఒక్కో కాలి కింద పడే 725 కిలోలకు ఐదంగుళాల స్లాబు చిల్లు పడదు. కానీ ఆ 20 కిలోలు కూడా పైకప్పుకు ఇచ్చిన 14 కిలోలను దాటినవే! గది మొత్తానికి ఇచ్చిన బరువు 144 చదరపు అడుగులకు 14 కిలోల చొప్పున రెండు వేల చిల్లర కిలోలు. ఒక్క ట్యాంకే దాన్ని మించిపోయింది. పైగా స్లాబును ఒక గోడ నుంచి ఎదుటి గోడకు వేసిన పట్టీగా భావిస్తే, అంతటా పరిచిన బరువు కలిగించే వంపు బలం కన్న అదే బరువును నడిమధ్యన మోపితే కలిగే వంపు బలం రెండింతలు ఉంటుంది. అందుకే చదరపు అడుగుకు ఎంత అని అడిగేవారికి, గోడకు ఎంత దూరంలో అన్న ప్రశ్న అంతకన్న ముఖ్యమని నేను గట్టిగా చెబుతాను.

ఈ లెక్క చెప్పినప్పుడు అక్కడున్న మేస్త్రీ, “సార్, ఇన్నేళ్లుగా పడిపోలేదు కదా” అన్నాడు. పడిపోదు నిజమే, ఎందుకంటే స్లాబు బరువును నాలుగు పక్కలకూ పంచుతుంది, లెక్కలో కొంత అదనపు బలమూ ఉంటుంది. కానీ మనుషులు ఎక్కి దిగిపోతారు, నీళ్లు రాత్రింబవళ్లు అక్కడే ఉంటాయి. ఎడతెగని బరువు కింద కాంక్రీటు ఏళ్ల తరబడి మెల్లగా సాగుతూ వంగుతుంది. ట్యాంకు ఖాళీ చేయించి కొన్నాళ్లకు మళ్లీ దారం కడితే వంపు కొద్దిగానే తగ్గింది, మిగిలినది అలాగే ఉండిపోయింది. స్లాబు వంగినప్పుడు నడుమ అడుగువైపున నెర్రె పడితే, గోడల దగ్గర పైవైపున పడుతుంది. పైవైపు నెర్రెలోకి వాన నీరు దిగితే కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు ఊడతాయి. కావలి, ఒంగోలు లాంటి చోట్ల సముద్రం దగ్గర కనుక ఉప్పుగాలికి ఆ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది.

మేము చేసినది ఇది. స్నానాల గది ఐదడుగుల వెడల్పే, దానికి రెండు వైపులా తొమ్మిది అంగుళాల గోడలు పునాది నుంచి వచ్చినవే ఉన్నాయి. ఆ గోడలకు నేరుగా పైన తొమ్మిది అంగుళాల ఎత్తున నాలుగు ఇటుక దిమ్మెలు కట్టించి, వాటి మీద 125 మిల్లీమీటర్ల ఎత్తున్న రెండు ఇనుప ఐ దూలాలను ఈ గోడ నుంచి ఆ గోడకు వేయించాము. దూలం వంగినా స్లాబును తాకకుండా మధ్య సందు వదిలాము. ప్లాస్టిక్ ట్యాంకుకు అడుగంతా సమంగా ఆనాలి, లేకపోతే అంచు దగ్గర చిట్లుతుంది. అందుకని దూలాల మీద దగ్గర దగ్గరగా యాంగిళ్లు వెల్డింగు చేయించి పైన మందపాటి ఇనుప రేకు పరిపించాము. దిమ్మెలతో కలిపి ఈ స్టాండు దాదాపు 260 కిలోలు, అంటే పాతదానిలో మూడో వంతు కూడా లేదు. ఇప్పుడు మొత్తం బరువు 2,300 కిలోల పైచిలుకు ఉన్నా అది నేరుగా గోడల్లోకి దిగుతుంది, స్లాబును వంచే పని దానికి లేదు. నడిమి గదిలో నెర్రెలు పూడ్పించి, మళ్లీ తెరుచుకుంటున్నాయేమో కనిపెట్టమని చెప్పాను. ఆ తరువాత పెరగలేదు.

ట్యాంకు నైరుతిలోనే ఉండాలని మీ ఇంట్లో పట్టుబట్టవచ్చు. దానికి నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే నైరుతి మూలలో రెండు గోడలు కలుస్తాయి కనుక అది బరువుకు కూడా మంచి చోటే. పిట్టగోడ అడ్డమని ట్యాంకును మూల నుంచి నాలుగైదు అడుగులు లోపలికి జరిపితే మాత్రం దిక్కు నైరుతి అయినా బరువు పడక గది స్లాబు మీద పడుతుంది. మూల చాలకపోతే వెయ్యి లీటర్లవి రెండు కొని వేరువేరు గోడల మీద పెట్టించండి.

తుపాను సంగతి కూడా బరువు లెక్కలోదే. ఖాళీ ట్యాంకు 60 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఈ కొలత ట్యాంకును సుమారు 70 కిలోల బలంతో పక్కకు తోస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి హెచ్చరిక వచ్చిన రోజున ట్యాంకు నిండుగా ఉంచండి. గోడల మీద కూర్చున్న ట్యాంకును నింపడానికి వెనకాడవలసిన పని ఉండదు.

మీరు ట్యాంకు కొనే ముందు కింది గదుల లోపలి కొలతలు తీసుకుని, గోడల మందం కలుపుకుంటూ, ఆ గీతలను సుద్దతో మిద్దె మీద గీయించండి. స్తంభాలూ దూలాలూ ఉన్న ఇల్లయితే దూలాల వరుసలు కూడా గీయించి, ఆ దూలాల మీదికి ఈ బరువు రావచ్చునా అని ఇంజనీరును పిలిచి అడగండి. స్టాండు కాళ్లు నాలుగూ ఆ గీతల మీదే పడే చోటు దొరికిన తరువాతే గొట్టం ఎటు తిప్పాలో ప్లంబరుకు చెప్పండి.