అర్థం వచ్చింది, పాట రాలేదు

"మా నాటకంలో తల్లి పాడే 'లౌట్ ఆ, ఘర్ సూనా హై'ని 'తిరిగి వచ్చెయ్, ఇల్లు బోసిగా ఉంది' అని తెలుగు చేశాను. అర్థం సరిపోయింది కానీ గాయని పాడలేకపోతోంది. ఏం చేయాలి?"

ముందు అక్షరాలు లెక్కపెట్టండి. హిందీలో ఆరే, అన్నీ గురువులే. మీ లైనులో పన్నెండు, అందులో సగం లఘువులు. అందుకే ఆమె పరుగెత్తాల్సి వస్తోంది.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఛందస్సులో 'ఇల్లు'లోని 'ఇ' గురువే. కానీ స్వరం మీద సాగదీస్తే 'ఈలు' అని వినిపిస్తుంది. 'కల'ను సాగదీస్తే 'కాల' అయిపోతుంది. కాబట్టి సాగే స్వరం కింద నిజమైన దీర్ఘమే ఉండాలి.

నేనైతే 'రారా, వాకిట్లో నే' అంటాను. రా, రా, వా, కిట్, లో, నే: ఆరూ గురువులే. మీ బాణీలో పైస్థాయి స్వరం 'సూనా'లోని 'నా' మీద ఉంటే అక్కడికి 'లో' వస్తుంది, నోరు తెరిచే పాడవచ్చు. 'కిట్' మాత్రం సాగదు, అక్కడ స్వరం పొట్టిగా ఉండాలి.

'సూనా' పోయిందని బాధపడకండి. వాకిట్లో ఎదురుచూసే తల్లిని చూస్తే ఇల్లు ఖాళీ అని ప్రేక్షకులకు తెలుస్తుంది. కావాలంటే బోసితనాన్ని తర్వాతి లైనులో పెట్టండి.

హిందీ పాట వినని ఒకరికి పాడి వినిపించి, విన్న మాటలు రాయమనండి. తప్పు రాసిన చోటే మార్చండి.