జార్జియాలో శాకాహారికి అక్కరకొచ్చే ఒక్క మాట

"గుడ్డు కూడా ముట్టని మా అమ్మానాన్నలు వస్తున్నారు. కజ్‌బెగీ అనే కొండ ఊరు చూపించాలని ఉంది, కానీ అక్కడ వాళ్లేం తింటారు?" అని టిబిలిసిలో మెడిసిన్ చదువుతున్న తమ్ముడొకడు అడిగాడు. అన్నం, పచ్చళ్లు మూట కట్టుకుపోవచ్చు. అయితే అంత దూరం వచ్చినవాళ్లు ఆ ఊరి తిండి రుచి చూడకుండా వెళ్లడం నాకు నచ్చదు.

ఇక్కడ "శాకాహారం" అని అడిగితే ఖచాపురి అనే జున్ను పెట్టిన రొట్టె తెచ్చిపెడతారు. అడ్జారా ప్రాంతపు ఖచాపురి మీద పచ్చి గుడ్డు సొన కనిపిస్తుంది కాబట్టి బతికిపోతాం. మిగతా రకాల పైన నిగనిగలాడే ఎర్రటి మెరుపు కూడా చాలాసార్లు గుడ్డు సొన పూతే. జున్ను కోసం పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడి ఉండవచ్చు. ఇవన్నీ విడివిడిగా అడిగే బదులు "సమర్ఖ్వో" అనండి. అంటే ఉపవాసపు వంట. ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు ముందు ఏడు వారాలు, క్రిస్మస్‌కు ముందు నవంబర్ 28 నుంచి జనవరి 6 వరకూ మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. కాబట్టి వంటమనిషికి ఆ మాట వివరించనక్కర్లేదు. కొన్ని ఉపవాస రోజుల్లో చేపలకు అనుమతి ఉంది, అది మాత్రం వద్దని చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్లకు ఈ మాట చాలదు.

కజ్‌బెగీకి కారులో మూడు గంటలు. బుధవారం బయలుదేరండి. దారిలో వచ్చే పసనౌరి, పిండిలో మాంసం పెట్టి నీళ్లలో ఉడికించే కుడుముల్లాంటి ఖింకాలీకి పేరున్న ఊరు. పుట్టగొడుగుల ఖింకాలీ దొరికినా, మాంసం వాటిని ఉడికించిన నీళ్లలోనే వేస్తారేమో అడగండి. వేరే గిన్నె పెట్టమంటే చాలాచోట్ల నవ్వుతారు. నేనైతే అక్కడ టీ తాగి ముందుకు కదులుతాను.

రాత్రి బస చేసే ఇంటావిడకు ముందురోజు ఉదయమే కబురు పెట్టండి, ఎందుకంటే లోబియో చిక్కుళ్లు రాత్రంతా నానాలి. లోబియో, మ్చాడీ, ప్ఖాలీ అడగండి. లోబియో మట్టిపిడతలో పొగలు కక్కుతూ వస్తుంది. చెంచాతో కదిపితే చిక్కటి గింజల గుజ్జులోంచి కొత్తిమీర వాసన గుప్పుమంటుంది. మ్చాడీ మొక్కజొన్న రొట్టె, మన జొన్నరొట్టె కన్నా మందం, వేడిగానే తినాలి. ప్ఖాలీ పాలకూరో బీట్‌రూటో అక్రోటు ముద్దతో కలిపి చేసిన ఉండ, పైన దానిమ్మ గింజలు. పక్కన ట్కెమలి అనే పుల్లటి రేగుపండ్ల లాంటి పండ్ల పచ్చడి పెడతారు. మా అమ్మ దాన్ని మ్చాడీలో నంజుకుని, "కాస్త కారం తక్కువైంది" అని మరో గరిటె వేయించుకుంది.

ఒక్క జాగ్రత్త: లోబియానీ అనే చిక్కుళ్ల రొట్టెలో, ముఖ్యంగా రాచా ప్రాంతపు రకంలో, పంది మాంసం ముక్కలు కలుపుతారు. పేరు విని సరే అనకండి.