మార్చిన వాక్యాన్ని మళ్ళీ విడదీసి చూడు

తమ్ముడికి,

పదో తరగతి పిల్లల కోసం నువ్వు రాస్తున్న అభ్యాసాల పుస్తకంలో వాక్య పరివర్తన అధ్యాయం మొత్తం చదివాను. నిర్వచనాల జోలికి నేను పోను, అవి బాగానే ఉన్నాయి. ఒక్క సమాపక క్రియతో ముగిసేది సామాన్య వాక్యం. సమాన ప్రాధాన్యం ఉన్న వాక్యాలు కలిస్తే సంయుక్త వాక్యం. అసమాపక క్రియ ఒక ప్రధాన క్రియ మీద ఆధారపడితే సంక్లిష్ట వాక్యం. పిల్లలకు ఇంతకుమించి అక్కర్లేదు. నాకు టెన్షన్ పెట్టింది నీ జవాబుల పట్టిక. అందులో చాలా చోట్ల వాక్య రూపంతో పాటు అర్థం కూడా మారిపోయింది.

ఈ ప్రశ్న చూడు. 'రవి అన్నం తిన్నాడు. రవి బడికి వెళ్ళలేదు.' వీటిని సంక్లిష్ట వాక్యంగా మార్చమన్నావు. 'రవి అన్నం తిని బడికి వెళ్ళలేదు' అని జవాబిచ్చావు. రూపం ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదటి క్రియ 'తిని' అయింది, రెండోసారి వచ్చిన 'రవి' పోయింది. కానీ ఈ జవాబును ఒక్కదాన్నే ఎవరికైనా వినిపించు. 'ఓహో, తినకుండానే వెళ్ళాడా?' అంటారు చాలామంది. నీ ప్రశ్నలో రవి కడుపునిండా తిని ఇంట్లో ఉన్నాడు. జవాబులో ఖాళీ కడుపుతో బడికి పోయాడు.

ఇలా ఎందుకవుతుందో నీకు స్పష్టంగా తెలియాలి. 'తిని', 'వెళ్ళి', 'చూసి' లాంటి క్త్వార్థక క్రియకు సొంతంగా కాలం లేదు. వ్యతిరేకార్థం, ఆజ్ఞ, ప్రశ్న కూడా దానికి సొంతంగా ఉండవు. వాక్యం చివర ఉన్న క్రియ నుంచే అవన్నీ తెచ్చుకుంటుంది. 'అన్నం తిని వెళ్ళు' అంటే తినమనీ చెప్పినట్టే, వెళ్ళమనీ చెప్పినట్టే. 'అన్నం తిని వచ్చావా?' అని అడిగినప్పుడు వచ్చినవాడు ఎదురుగానే ఉన్నాడు, మనం అడిగేది తిన్నాడా లేదా అనే. అలాగే 'వెళ్ళలేదు'లోని 'లేదు' వెనక్కి పాకి 'తిని'ని పట్టుకుంటుంది. కాబట్టి ఆ ప్రశ్నకు 'రవి అన్నం తిన్నా బడికి వెళ్ళలేదు' అన్నది సరైన జవాబు. 'తిన్నా' అన్న అప్యర్థకం 'తిన్నాడు' అన్న సంగతిని నిలబెడుతుంది. సంయుక్త వాక్యం కావాలంటే 'రవి అన్నం తిన్నాడు కానీ బడికి వెళ్ళలేదు' చాలు.

అయితే చివర 'లేదు' ఉన్న ప్రతిచోటా క్త్వార్థకం పనికిరాదని పిల్లలకు నేర్పకు. 'జ్వరం వచ్చి నాన్న ఆఫీసుకు వెళ్ళలేదు' అన్న వాక్యంలో ఏ గందరగోళమూ లేదు. జ్వరం వచ్చింది, అందుకే వెళ్ళలేదు. మొదటి పని రెండోదానికి కారణమైతే 'లేదు' చివరి క్రియ దగ్గరే ఆగిపోతుంది. తినడం బడికి వెళ్ళకపోవడానికి కారణం కాదు కాబట్టే రవి వాక్యం దారి తప్పింది. కాబట్టి 'లేదు' కనబడగానే రెండు పనుల మధ్య 'అందుకే' పెట్టి చదవమను. అతికితే 'వచ్చి', 'పడి' లాంటి రూపం ఉంచవచ్చు. అతకకపోతే వేరే రూపం వెతకాలి.

కర్తల విషయానికి వస్తాను. క్త్వార్థకానికి రెండు పనుల కర్త ఒక్కరే కావాలని నువ్వు రాశావు. ఆ నియమం చాలా పాతది. రెండు క్రియలకూ కర్త ఒక్కరే అయితే ముందు జరిగిన పనికి క్త్వా ప్రత్యయం వస్తుందని సంస్కృతానికి పాణిని సూత్రం చెప్పాడు. మన వ్యాకరణంలో ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. తెలుగులో కూడా చాలావరకు ఇది నిలుస్తుంది. 'రవి వచ్చి గోపి వెళ్ళాడు' అని ఎవరూ అనరు, 'రవి వచ్చాక గోపి వెళ్ళాడు' అంటారు. కానీ 'వాన కురిసి చెరువు నిండింది', 'కరెంటు పోయి ఫ్యాన్ ఆగిపోయింది' అని అందరం అంటాం. కర్తలు వేరైనా ఇవి మంచి తెలుగు వాక్యాలే. ఇక్కడ ఎవరూ కావాలని ఏమీ చేయడం లేదు, ఒకటి జరగడం వల్ల ఇంకొకటి దానంతట అదే జరిగింది. రెండో పని ఎవరైనా పూనుకుని చేసేదైతే ఈ వెసులుబాటు ఉండదు. 'కరెంటు పోయి నేను బయటికి వచ్చాను' ఎబ్బెట్టుగా ఉంటుంది, 'కరెంటు పోవడంతో నేను బయటికి వచ్చాను' అనాలి. నీ పట్టికలో 'వాన కురిసి' వాక్యాన్ని తప్పుల కింద వేశావు. దాన్ని అక్కడి నుంచి తీసెయ్యి. ఇంట్లో రోజూ వినే మాటను పుస్తకం తప్పంటే పిల్లవాడు దేన్ని నమ్మాలి?

సంక్లిష్టాన్ని విడగొట్టి సామాన్య వాక్యాలు రాయమన్నప్పుడు ఇబ్బంది ఇంకోలా వస్తుంది. 'రేపు ఊరికి వెళ్ళి అమ్మమ్మను చూస్తాను' అన్న వాక్యానికి 'రేపు ఊరికి వెళ్ళాను. అమ్మమ్మను చూస్తాను' అని రాసే పిల్లలు తప్పకుండా ఉంటారు. క్త్వార్థకాన్ని భూతకాలిక అసమాపక క్రియ అని నేర్పుతాం కదా, వాళ్ళు ఆ పేరును పట్టుకుంటారు. అక్కడ భూతకాలం అంటే రెండో పనికంటే ముందు అని మాత్రమే, నిన్నటి సంగతని కాదు. విడగొట్టేటప్పుడు ముందు చివరి క్రియ కాలం చూసి, అదే కాలాన్ని మొదటి క్రియకు ఇవ్వాలి. 'రేపు ఊరికి వెళ్తాను. అమ్మమ్మను చూస్తాను.'

చేదర్థకానికీ ఇదే పద్ధతి. 'నేను పిలిస్తే వాడు వచ్చాడు' అన్నది జరిగిపోయిన సంగతి కాబట్టి 'నేను పిలిచాను, అందుకే వాడు వచ్చాడు' అని సంయుక్తం చేయవచ్చు. 'నువ్వు పిలిస్తే వాడు వస్తాడు' అన్నప్పుడు పిలవడం ఇంకా జరగలేదు. దాన్ని 'నువ్వు పిలిచావు, అందుకే వాడు వస్తాడు' అని మార్చితే షరతు కాస్తా సమాచారమైపోతుంది. 'నువ్వు పిలువు, వాడు వస్తాడు' అంటే కొంత దగ్గరగా ఉంటుంది. అప్యర్థకంలోనూ అంతే. 'వాన పడినా మ్యాచ్ ఆగదు' అన్నదాన్ని 'వాన పడింది కానీ మ్యాచ్ ఆగదు' అని రాయకూడదు. 'వాన పడవచ్చు, కానీ మ్యాచ్ ఆగదు' అని రాయాలి.

సంయుక్త వాక్యాల్లో ఒక్కచోటే ఆగాను. 'పద్మ అక్క. లత చెల్లెలు.' అన్నవాటిని 'పద్మ, లత అక్కాచెల్లెళ్ళు' అని కలిపావు. ఇది చెల్లే జవాబే. కానీ ఎవరు పెద్దో ఇందులో ఖచ్చితంగా చెప్పినట్టు కాదు. దీన్నే ప్రశ్నగా ఇచ్చి సామాన్య వాక్యాలు రాయమంటే, 'లత అక్క. పద్మ చెల్లెలు.' అని రాసినవాడికి నువ్వు మార్కు ఎలా కోస్తావు? కలపమని మాత్రమే అడుగు, విడగొట్టమని అడగకు.

జవాబుల పట్టికను ఇలా సరిచూసుకో. ప్రశ్న మూసేసి, నువ్వు రాసిన జవాబు ఒక్కటే చూస్తూ దాన్ని సామాన్య వాక్యాలుగా విడదీయి. తర్వాత ప్రశ్నతో పోల్చు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, అసలు జరిగిందా లేదా అన్న మూడూ సరిపోతే ఆ జవాబు ఉంచు. ఒక ప్రశ్నకు రెండు జవాబులు ఈ పరీక్షకు నిలబడితే రెండూ అచ్చు వెయ్యి. 'వచ్చాక' అని రాసినవాడికీ 'వచ్చిన తర్వాత' అని రాసినవాడికీ మార్కు రావాలి కదా. వ్యతిరేకార్థం ఉన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, సరిచేసిన పేజీలు నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య